ఆ బోర్డు చదివేది పక్క షాపువాడు

దసరాకు ముందు వాషింగ్ మెషీన్ కొందామని విజయవాడలో ఒక పెద్ద షోరూముకు వెళ్లాను. గుమ్మం మీదే ఎర్రక్షరాల బోర్డు: ఇంతకన్నా తక్కువకు బయట ఎక్కడ దొరికినా తేడా వాపస్. అంతకు గంట ముందే రెండు వీధుల అవతల ఉన్న మరో షాపులో అదే మోడల్ తొమ్మిది వందలు తక్కువకు చూసి వచ్చాను. ఆ మాటే కౌంటర్ దగ్గర కుర్రాడికి చెప్పాను.

"కొటేషన్ ఉందా సార్?" అన్నాడు. ఫోన్‌లో తీసిన ధర చీటీ ఫోటో చూపించాను. "ఫోటో చెల్లదు సార్. కాగితం మీద రాయించుకు రావాలి, వాళ్ల సీలు ఉండాలి, జీఎస్‌టీ కలిపిన రేటు ఉండాలి. మోడల్ నంబరు చివరక్షరం దాకా కలవాలి. డిస్‌ప్లే పీస్ రేటయితే కుదరదు."

మర్యాదగానే చెప్పాడు. ఎండలో మళ్లీ రెండు వీధులు నడిచి, ఇంకో షాపువాణ్ణి కాగితం అడిగి, అతను ముఖం మాడ్చుకుంటే భరించి, తిరిగి ఇక్కడికి రావాలి. అంత పని ఎందుకని ఆ రెండో షాపులోనే కొనేశాను.

ఇంటికొచ్చాక కూడా ఆ బోర్డు నన్ను వదల్లేదు. ఇలాంటి హామీ చూడగానే కొనేవాడికి మేలు చేసేదిగానే అనిపిస్తుంది. కానీ వ్యాపారాల మధ్య పోటీని చదివే ఆర్థికవేత్తలు నలభై ఏళ్లుగా దీన్ని అనుమానంగానే చూస్తున్నారు. ఆ బోర్డు కొనేవాడి వైపు తిరిగి ఉన్నా, దాన్ని అందరికన్నా శ్రద్ధగా చదివేది పక్క షాపు యజమాని అని వాళ్ల వాదన. అతనికి అందులో కనిపించేది వేరే మాట: నువ్వు ధర తగ్గిస్తే నేనూ ఆ క్షణమే తగ్గిస్తాను, కాబట్టి తగ్గించి నీకు ఒరిగేదేమీ లేదు.

ఇది లెక్క వేసి చూస్తేనే బాగా తెలుస్తుంది. ఒక ఊళ్లో రెండే షాపులు ఉన్నాయనుకుందాం. ఒకే కంపెనీ ఫ్రిజ్ ఇద్దరికీ 20,000 రూపాయలకు పడుతుంది, ఇద్దరూ 25,000కు అమ్ముతున్నారు. నెలకు వంద ఫ్రిజ్‌లు పోతాయి, చెరి యాభై. ఒక్కో ఫ్రిజ్ మీద 5,000 చొప్పున ఇద్దరికీ నెలకు రెండున్నర లక్షలు మిగులుతుంది.

రెండో షాపువాడికి ఆశ పుట్టి 24,000కు దించాడనుకోండి. హామీలేవీ లేకపోతే గిరాకీ అటు మళ్లుతుంది. వందలో ఎనభై మంది అతని దగ్గరికే వెళ్లారనుకుంటే, ఫ్రిజ్‌కు 4,000 చొప్పున 3,20,000 మిగులుతుంది. మొదటి షాపుకు ఇరవై మందే మిగిలి, లక్ష రూపాయలతో సరిపెట్టుకోవాలి. వచ్చే వారం అతను 23,500 అంటాడు, ఆ పై వారం ఇతను 23,000 అంటాడు. మనం పోటీ అని పిలిచేది దీన్నే, కొనేవాడికి లాభం వచ్చేది ఇక్కడే.

ఇప్పుడు మొదటి షాపు గుమ్మానికి తేడా వాపస్ బోర్డు ఉందనుకుందాం. రెండో షాపువాడు 24,000కు దించి పేపర్లో ప్రకటన వేశాడు. మొదటి షాపు ఖాతాదారులు ఎక్కడికీ కదలరు. ఆ పేపరు ముక్క పట్టుకుని తమ షాపుకే వెళ్లి, అక్కడే 24,000 కట్టి తెచ్చుకుంటారు. రెండో షాపుకు కొత్తగా వచ్చేవాడు ఒక్కడూ ఉండడు. ఉన్న యాభై మందికి మాత్రం వెయ్యి తగ్గించి అమ్మాలి. అతని లాభం రెండున్నర లక్షల నుంచి రెండు లక్షలకు పడిపోతుంది. ప్రకటనకు డబ్బు పెట్టి మరీ యాభై వేలు పోగొట్టుకున్నాడన్నమాట. ఒకసారి ఇలా చేయి కాల్చుకున్నవాడు, లేదా ముందే లెక్క చూసుకున్నవాడు, ఇక ధర జోలికి వెళ్లడు. ఫ్రిజ్ 25,000 దగ్గరే నిలబడిపోతుంది.

ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఫోన్లు లేవు, హోటల్ గదిలో సమావేశం లేదు, కాగితం మీద సంతకం లేదు. అయినా ఫలితం కుమ్మక్కయినట్టే వచ్చింది. దీన్నే మౌన కుమ్మక్కు అంటారు. మామూలుగా అది నిలబడటం కష్టం, ఎందుకంటే దానికి మూడు కావాలి. ఎదుటివాడు చాటుగా ధర తగ్గిస్తే వెంటనే తెలియాలి. తెలిశాక ఆలస్యం లేకుండా దెబ్బ తీయాలి. అలా తీస్తాడన్న నమ్మకం ఎదుటివాడికి ముందే ఉండాలి. తేడా వాపస్ బోర్డు ఈ మూడూ ఒకేసారి అమరుస్తుంది. ఎవరు తగ్గించారో కనిపెట్టి కబురు మోసుకొచ్చేది కొనేవాళ్లే, జీతం లేని గూఢచారుల్లా. దెబ్బ దానంతటదే పడుతుంది. హామీ అందరి ముందూ అచ్చయి ఉంది కనుక మాట తప్పే వీలూ లేదు. పైగా దెబ్బ తీసేవాడికి పెద్దగా ఖర్చు కాదు. షాపులో ధర చీటీలన్నీ మార్చక్కర్లేదు, వచ్చి అడిగినవాళ్లకే తగ్గిస్తాడు, అడగనివాళ్లు పాత ధరే కట్టి పోతారు.

ఈ వాదనను గట్టిగా నిలబెట్టింది అమెరికన్ ఆర్థికవేత్త స్టీవెన్ సాలప్, 1986లో వచ్చిన వ్యాసంలో. ఆ రోజుల్లో న్యూయార్క్‌లో స్టీరియోలు, టీవీలు అమ్మే రెండు షాపుల గొలుసులు బాగా పోటీ పడుతున్నట్టు కనిపించేవి: క్రేజీ ఎడ్డీ, న్యూమార్క్ అండ్ లూయిస్. మా ధరలు పిచ్చెక్కిస్తాయని క్రేజీ ఎడ్డీ టీవీలో అరిచి చెప్పేది. న్యూమార్క్ అండ్ లూయిస్ ఇంకో అడుగు ముందుకేసి, బయట తక్కువ ధర చూపిస్తే తేడాకు రెట్టింపు విలువైన కూపన్ దాకా ఇస్తామంది. ఆ రెట్టింపు మాటను మన ఫ్రిజ్ లెక్కలో పెట్టి చూడండి. రెండో షాపు 24,000 అంటే, మొదటి షాపులో 25,000 కట్టినవాడికి 2,000 తిరిగొస్తుంది, అంటే 23,000కే పడినట్టు. రెండో షాపువాడు ధర తగ్గించి తన సొంత గిరాకీని కూడా మొదటి షాపుకు తోలినట్టవుతుంది. హామీ ఎంత ఉదారంగా కనిపిస్తే, ఎదుటివాడికి అంత గట్టి హెచ్చరిక అన్నమాట. ఎత్తులూ పైఎత్తులూ బోధించే పుస్తకాల్లో ఈ న్యూయార్క్ షాపుల కథ ఇప్పటికీ ఉదాహరణగా నిలిచింది అందుకే.

ఇక్కడితో ఆగిపోతే తీర్పు ఇచ్చేయొచ్చు: ఇవన్నీ ధరలు దిగకుండా కాపాడే బోర్డులే అని. కానీ నా వాషింగ్ మెషీన్ సంగతి ఉంది. బోర్డు ఉన్న షాపులో నేను కొనలేదు. తక్కువ ధర ఉన్న చోటికే నడిచి వెళ్లాను. లెక్కలో ఎక్కడో చిల్లు ఉంది.

ఆ చిల్లును 1999లో మోర్టెన్ వీడ్, గ్రెగ్ షాఫర్ అనే ఇద్దరు పట్టి చూపించారు. దానికి వాళ్లు పెట్టిన పేరును మన మాటల్లో చెప్పాలంటే ఝంఝాటం ఖర్చు. కాగితం తేవడం, కౌంటర్ దగ్గర నిలబడి వాదించడం, మేనేజరు వచ్చేదాకా ఆగడం, నలుగురిలో బేరమాడుతున్నానన్న మొహమాటం, అన్నీ కలిపి. ఫ్రిజ్ లెక్కకు తిరిగి వెళితే దీని బలం తెలుస్తుంది. 24,000కు దించిన రెండో షాపువాడికి నష్టం రాకూడదంటే ఎంతమంది రావాలి? ఫ్రిజ్‌కు 4,000 చొప్పున పాత రెండున్నర లక్షలు దాటాలంటే 63 మంది చాలు. తన యాభై పోగా మొదటి షాపు నుంచి పదముగ్గురు. యాభై మందిలో పదముగ్గురు నాలాంటివాళ్లు, అంటే వాదన ఎందుకు, తక్కువున్న చోటే కొనేద్దాం అనుకునేవాళ్లు ఉంటే, హామీ బోర్డు ఉన్నా ధర తగ్గించడమే లాభం.

ఇంకా చిన్న కోత పెడితే పని మరింత సులువు. రెండో షాపువాడు 250 రూపాయలే తగ్గించాడనుకోండి. ఫ్రిజ్‌కు 4,750 మిగులుతుంది కనుక అతనికి అదనంగా ముగ్గురు వస్తే గట్టెక్కినట్టే. 250 కోసం సీలు వేయించిన కొటేషన్ పట్టుకుని తిరిగేవాడెవడు? ఎవడూ తిరగడు. ధర చూసుకునేవాళ్లు నేరుగా రెండో షాపుకే పోతారు. అప్పుడు మొదటివాడు తన ధర చీటీ మార్చక తప్పదు. అతను ఇంకో 250 దించుతాడు, ఇతను మళ్లీ దించుతాడు. మెట్టు మెట్టుగా పాత పోటీయే తిరిగొస్తుంది. ఝంఝాటం ఖర్చు కొంచెం ఉన్నా చాలు, కుమ్మక్కు పట్టు సడలుతుందని వీడ్, షాఫర్‌ల వాదన. తర్వాత సుభాశీష్ దుగార్, టాడ్ సోరెన్‌సెన్ ప్రయోగశాలలో మనుషుల్ని కూర్చోబెట్టి అమ్మేవాళ్ల పాత్ర ఇచ్చి చూశారు. హామీ అడగడానికి ఖర్చేమీ లేకుంటే ధరలు పైకి ఎగబాకే ఆటలోనే, ఆ చిన్న ఖర్చు చేర్చగానే ధరలు దిగాయి.

అసలు ఈ హామీ ఎవరిస్తున్నారన్నది కూడా చూడాలి. శ్రీధర్ మూర్తి, రాల్ఫ్ వింటర్ కెనడా దుకాణాలను పరిశీలించి 2006లో ఒక వ్యాసం రాశారు. హామీ ఇచ్చేవాళ్లలో నిజంగానే తక్కువకు అమ్మగలిగిన దుకాణాలు ఎక్కువగా ఉండటం వాళ్లకు కనిపించింది. అది అర్థమయ్యే విషయమే. అందరి ధరలూ తిరిగి చూసే తీరిక లేని కొనేవాడికి, తక్కువ ఖర్చుతో నడిచే షాపు తన గురించి తాను చెప్పుకునే మార్గం ఇది. ధరలు ఎక్కువున్న షాపు అదే మాటంటే రోజూ తేడాలు కట్టిస్తూనే ఉండాలి. మరోవైపు జేమ్స్ హెస్, ఐటన్ గెర్స్‌ట్‌నర్ 1980లలో నార్త్ కరొలైనాలోని రాలీ నగరంలో సూపర్ మార్కెట్ ధరలను వారాల తరబడి గమనిస్తే, హామీ వచ్చాక ధరల మధ్య తేడాలు తగ్గి, అవి స్వల్పంగా పైకి జరిగాయి. అంటే బోర్డు ఒకటే అయినా ఒకచోట చవక షాపుకు గుర్తుగానూ, ఇంకోచోట కోతలకు కళ్లెంగానూ పని చేస్తోంది. ఏ చోట ఏదో తేల్చడంలో నా మట్టుకు నాకు అన్నిటికన్నా పెద్ద ఆధారం ఆ ఝంఝాటమే. దాన్ని పూర్తిగా తీసేస్తే ఏమవుతుంది? ఆ పరీక్ష ఒక దేశంలో నిజంగానే జరిగింది.

జర్మనీలో పెట్రోలు ధర మనలాగా రోజుకొకసారి మారేది కాదు. బంకు బంకుకూ, గంట గంటకూ మారుతూ ఉండేది. అక్కడి పోటీ నియంత్రణ సంస్థ హాంబర్గ్, లైప్‌జిగ్, కొలోన్, మ్యూనిక్ నగరాల్లో ధరల కదలికను పరిశీలించి 2011లో నివేదిక ఇచ్చింది. అందులో ఒక విషయం చదివి నేను ఆగిపోయాను. ధర పెంచే ప్రతి విడతనూ దాదాపుగా ఆరల్ గానీ షెల్ గానీ మొదలుపెట్టేవి. ఒకటి పెంచితే రెండోది సాధారణంగా సరిగ్గా మూడు గంటలకు పెంచేది. మిగతా పెద్ద కంపెనీలు ఆ వెనకే. మాట్లాడుకున్నారనడానికి ఆధారం లేదు. గడియారం చూసుకుని నడిచినట్టు నడిచారు.

దీనికి విరుగుడుగా ప్రభుత్వం ఒక ఏర్పాటు చేసింది. 2013 చివరి నుంచి దేశంలోని పద్నాలుగు వేలకు పైగా బంకులు ధర మార్చిన ప్రతిసారీ నిమిషాల్లోనే ఒక కేంద్ర వ్యవస్థకు తెలపాలి. అక్కడి నుంచి ఆ ధరలు ఫోన్ యాప్‌లకు అందుతాయి. దగ్గర్లో ఎక్కడ చవకో డ్రైవరుకు తెలిస్తే పోటీ పెరుగుతుందన్నది ఆశ.

2015లో షెల్ ఆ సమాచారం మీదే తన హామీ కట్టుకుంది. షెల్ సభ్యత్వ కార్డు ఉన్నవాళ్లు ఏ షెల్ బంకులో పోయించుకున్నా, చుట్టుపక్కల పది బంకుల్లో అన్నిటికన్నా తక్కువ ధర మీద లీటరుకు 2 సెంట్లకు మించి ఎక్కువ కట్టక్కర్లేదని అప్పట్లో మాట ఇచ్చింది. కొటేషన్ లేదు, సీలు లేదు, వాదన లేదు. కార్డు చూపిస్తే చాలు, ధరలు ముందే యంత్రం దగ్గర ఉన్నాయి. విజయవాడ కౌంటర్లో నన్ను వెనక్కి తిప్పిన ఝంఝాటం మొత్తం అక్కడ మాయమైపోయింది.

ఇప్పుడు షెల్ ఎదురుగా ఉన్న చిన్న బంకు యజమాని చోట నిలబడి చూడండి. అతను షెల్ కన్నా 5 సెంట్లు తగ్గించాడనుకుందాం. హామీ లేకుంటే యాభై లీటర్ల ట్యాంకుకు రెండున్నర యూరోల తేడా, కారు అటు తిప్పడానికి అది చాలు. హామీ ఉన్నప్పుడు షెల్ కార్డుదారుకు మిగిలే తేడా 2 సెంట్లే, అంటే ట్యాంకుకు ఒక యూరో. 10 సెంట్లు తగ్గించినా అదే ఒక యూరో. ఎంత కోసినా ఆ కార్డుదారును లాగడానికి చేతిలో ఉండే ఎర మారదు. పోనీ కార్డు లేనివాళ్లయినా వస్తారు కదా అంటే, ధరల మీద కన్నేసి తిరిగే మనిషే ముందుగా కార్డు తీసుకుని ఉంటాడు. ధర తగ్గిస్తే ఎవరు కదిలి వస్తారో, సరిగ్గా వాళ్లనే షెల్ కట్టిపడేసింది. ఇంకోపక్క షెల్ తన బోర్డు మీది ధర పెంచినా ఆ మనుషులు పోరు. పెంచిన ధర కట్టేది కార్డు లేకుండా దారిన పోతూ ఆగినవాళ్లు.

ఆ తర్వాతి సంవత్సరాల్లో జర్మన్ బంకుల్లో ధరల రోజువారీ తీరు మారింది. అంతకుముందు సాయంత్రం ఒక పెద్ద పెంపు, తర్వాత రోజంతా దిగుతూ రావడం ఉండేది. మధ్యాహ్నం వేళ ఇంకో పెంపు వచ్చి చేరింది. లూయీస్ కబ్రాల్, మరి ముగ్గురు పరిశోధకులు దేశమంతటి బంకుల ధరలనూ తీసుకుని ఈ హామీని ప్రత్యేకంగా పరిశీలించారు. అక్కడి లెక్కలు మౌన కుమ్మక్కు కథకు సరిపోతున్నాయన్నది వాళ్ల అభిప్రాయం. ముడిచమురు ధర నుంచి సెలవుల రద్దీ దాకా పెట్రోలును కదిపేవి ఎన్నో ఉంటాయి కనుక, ఒక హామీ వాటా ఎంతో విడదీయడం తేలిక కాదు. అయినా కొనేవాడి కోసం పెట్టిన పారదర్శకతే, కోతలను అడ్డుకునే హామీకి ఇంధనంగా మారగలదని చూపించడానికి నాకు తెలిసి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ లేదు. అది నన్ను నిజంగా కలవరపెడుతుంది. ధరలన్నీ తెరమీద కనిపిస్తే కొనేవాడు గెలుస్తాడని నేనూ చాలాకాలం నమ్మాను. అదే తెరను పోటీదారు కూడా చూస్తాడని ఆలోచించలేదు.

ఇలాంటి హామీని చట్టం పట్టుకోగలదా అంటే, కష్టమే. మన దేశంలో 2002 నాటి పోటీ చట్టం మూడో సెక్షన్, పోటీదారులు కలిసి ధరలు నిర్ణయించుకునే ఒప్పందాలను నిషేధిస్తుంది. ఒప్పందం అంటే రాతలో ఉన్నదే కాదు, లోపాయికారీ అవగాహన కూడా దాని కిందకే వస్తుంది. కానీ ఎంత తోసినా ఇద్దరి మధ్య ఏదో ఒక అవగాహన ఉందని చూపించాలి. ఒక షాపువాడు తనంతట తాను బోర్డు పెడితే, పక్కవాడు తనంతట తాను లెక్క వేసుకుని ఊరుకుంటే, అందులో ఒప్పందం ఏది? ధరలు ఒకేలా ఉన్నాయన్న ఒక్క కారణం సరిపోదు. అలాగని బోర్డులన్నిటినీ నిషేధిస్తే, నిజంగా తక్కువకు అమ్మేవాడి నోరు కూడా నొక్కినట్టవుతుంది.

మరి తేడా ఎలా కనిపెట్టాలి? వాపస్ అడిగినవాళ్ల సంఖ్య చూస్తే తెలిసిపోతుందని మొదట అనుకున్నాను. రెండో వారంలో సర్వీసు కార్డు విషయమై అటు వెళ్లినప్పుడు, ఆ పెద్ద షోరూములో ఆగి అదే కుర్రాణ్ణి అడిగాను. "రెండేళ్ల నుంచి ఉన్నాను సార్, ఇద్దరికి ఇచ్చినట్టు గుర్తు" అన్నాడు. ఆ జవాబు విన్నాకే నా ఆలోచనలో పొరపాటు తెలిసింది. ఇద్దరే అడిగారంటే షరతుల వల్ల మిగతావాళ్లు నాలాగే వెనుదిరిగి ఉండొచ్చు. లేదా పక్క షాపులవాళ్లు బోర్డుకు భయపడి ధర తగ్గించడం మానేసి ఉండొచ్చు, అప్పుడు అడగడానికి తేడాయే ఉండదు. కుమ్మక్కు బాగా పని చేసే చోట హామీ సొమ్ము చెల్లించాల్సిన అవసరమే రాదు. కనుక ఆ సంఖ్య ఒక్కటే ఏదీ చెప్పదు.

చూడాల్సింది బోర్డు పెట్టినవాణ్ణి కాదు, పక్కవాణ్ణి. బోర్డు వచ్చాక పక్క షాపుల పండగ తగ్గింపులు ఆగిపోయాయా? కంపెనీ వేసే ధర మారకపోయినా అన్ని షాపుల ధరలూ ఒకదానికొకటి దగ్గరై, కలిసి పైకి జరిగాయా? మోడల్ నంబర్లు షాపు షాపుకూ మారిపోతుంటే హామీ అసలు వర్తించదు, అప్పుడది కొనేవాడికి ఎంత ఉత్తిదో పక్కవాడికి కూడా అంతే ఉత్తిది. నంబర్లు కలిసి, వాపస్ తీసుకోవడం తేలికై, ఊళ్లో అమ్మేవాళ్లు ఇద్దరు ముగ్గురే అయితే అప్పుడు అనుమానించాలి. మీ ఊళ్లో ఆ బోర్డు కనిపిస్తే, కొనకపోయినా సరే, పక్క రెండు షాపుల్లో అదే మోడల్ ధర ఒక చీటీ మీద రాసి పెట్టుకోండి. పండగ దాటాక మళ్లీ చూడండి.

నేనూ రాసుకున్నాను. రెండో షాపులో ఆ తొమ్మిది వందల తేడా దీపావళికి కూడా అలాగే ఉంది.